మూరెడు దూరం జానెడైతే

మా వదిన వాళ్ళ ఇల్లు వేటపాలెంలో. ముందుగది, దాని వెనక మగ్గం గది, రెండింటి మధ్య ఒక తలుపు. అన్నయ్య పొద్దున్నే గుంట మగ్గంలోకి దిగితే భోజనం వేళ దాకా ఆ చప్పుడు ఆగదు. ముందుగదిలో ఒక మూల బల్ల వేసుకుని వాళ్ళ అబ్బాయి కంప్యూటర్‌లో ఉద్యోగం చేస్తాడు. వాడి పని అంతా మాటల మీదే. పగలంతా జట్టువాళ్ళతో వాయిస్ చాట్, వారానికి రెండు సాయంత్రాలు కొత్తగా చేరినవాళ్ళకు లైవ్‌లో పాఠం. అదే గదిలో మధ్యాహ్నం వదిన చాప పరుచుకుని, చీరలు ముందు పెట్టుకుని, ఫోన్‌లో లైవ్ పెట్టి అమ్ముతుంది.

కిందటి వేసవిలో వాడు నాకు ఫోన్ చేశాడు. "బాబాయ్, నా మాట కంటే నాన్న మగ్గమే ఎక్కువ వినపడుతోందట. మీటింగ్‌లో అందరి ముందూ చెప్పారు. మంచి మైకు ఏదో చెప్పు, కొనేస్తాను."

వాడికి అప్పటికే ఒక మైకు ఉంది. బల్ల మీద నిలబెట్టే యూఎస్‌బీ కండెన్సర్ మైకు, బాగానే డబ్బు పెట్టి కొన్నది. ఇంకోటి కొంటే ఈ బాధ తీరుతుందని వాడి నమ్మకం. సారస్వత నికేతనానికి వెళ్ళి కూర్చుందామా అని కూడా ఆలోచించాడట. 1918 నుంచి ఊరు చదువుకోవడానికి కట్టుకున్న గ్రంథాలయం అది. అక్కడ కూర్చుని రోజంతా ఫోన్లు మాట్లాడటం తగదని వాడికీ తెలుసు. మగ్గం ఆపమని అన్నయ్యను అడగలేం, ఇల్లు నడిచేది దాని మీద. కాబట్టి మగ్గం నడుస్తూనే ఉండాలి, మాట వినపడాలి. ఒక ఆదివారం వెళ్ళి ఏం చేశామో వరసగా చెబుతాను. ఇంట్లోంచి మాటల ఉద్యోగం చేసేవాళ్ళకూ, లైవ్‌లో సరుకు అమ్మేవాళ్ళకూ ఇదే వరస పనికొస్తుంది.

ముందు వినాలి, తరవాత కొనాలి

మొదట చేసిన పని ఒక రికార్డింగ్. వాడు రోజూ కూర్చునే చోట కూర్చుని అర నిమిషం ఏమీ మాట్లాడకుండా, ఇంకో అర నిమిషం మామూలుగా మాట్లాడుతూ రికార్డు చేశాం. తరవాత చెవుల నిండా పెట్టుకునే హెడ్‌ఫోన్‌లో విన్నాం. స్పీకర్‌లో వింటే సగం దోషాలు తెలియవు.

ఇలాంటి రికార్డింగ్‌లో మూడు రకాల చప్పుళ్ళు దొరకవచ్చు. ఒకటి గాల్లోంచి వచ్చేది: మగ్గం దెబ్బ, ఫ్యాను, వీధిలో బండి. రెండోది గది నుంచి వచ్చేది: మన మాటే గోడలకు తగిలి వెనక్కి వచ్చి, ఖాళీ గోదాములో మాట్లాడినట్టు వినిపించేది. మూడోది వైర్లలోంచి వచ్చేది: సన్నగా, ఎడతెగకుండా గుయ్‌మనే శబ్దం. ఈ మూడింటికీ మందులు వేరు. వైర్లో పుట్టిన గుయ్‌కి గోడలకు ఎన్ని బట్టలు కట్టినా లాభం లేదు, గది గోలకు ఖరీదైన వైరు కొన్నా లాభం లేదు.

ఏది ఎక్కడిదో తేల్చడానికి తేలికైన పరీక్ష ఉంది. మైకును దిండు కింద పెట్టి, పైన ఇంకో దిండు వేసి మళ్ళీ రికార్డు చేయండి. గాల్లోంచి వచ్చే చప్పుడు బాగా అణగిపోతుంది. వైర్లోంచి వచ్చేది మాత్రం ఇసుమంతైనా తగ్గదు. గది సంగతి తెలియాలంటే మీరు కూర్చునే చోట నిలబడి గట్టిగా ఒక చప్పట్టు కొట్టండి. చప్పట్టు తెగినట్టు ఆగిపోతే గది మంచిది. తోక ఉన్నట్టు 'ట్రంగ్' అని సాగితే మీ మాటకూ ఆ తోక అంటుకుంటోందన్నమాట.

మా అబ్బాయి గదిలో చప్పట్టుకు తోక ఉంది. మగ్గం దెబ్బ నిండుగా ఉంది. వైరు గుయ్ మాత్రం లేదు. అది తరవాత వదిన ఫోన్‌లో దొరికింది.

దూరం లెక్క

బల్ల మీద మైకు ఎంత దూరంలో ఉందో కొలిచాను. వాడి నోటి నుంచి మూరన్నర, అంటే సుమారు 27 అంగుళాలు. రోగం అక్కడే ఉంది.

నోటికీ మైకుకీ మధ్య దూరం సగమైన ప్రతిసారీ నేరుగా చేరే మాట సుమారు 6 డెసిబెల్‌లు పెరుగుతుంది, అంటే మైకులో పుట్టే కరెంటు రెట్టింపవుతుంది. మూరెడు దూరం జానెడైతే ఒక రెట్టింపు, జానెడు అరజానెడైతే ఇంకో రెట్టింపు. మగ్గం మాత్రం పక్కగదిలో ఎక్కడిది అక్కడే ఉంది. మైకు ఓ మూరెడు ఇటు జరిగిందని దాని చప్పుడు పెరగదు. మన మాట పెరిగి, దాని చప్పుడు అలాగే ఉంటే, కంప్యూటర్‌లో మైకు బలం తగ్గించుకోవచ్చు. అలా తగ్గించినప్పుడు మాట మునుపటి స్థాయికి వస్తుంది, మగ్గం మాత్రం కిందికి దిగిపోతుంది. గోడల తోకకూ ఇదే వర్తిస్తుంది.

మా అబ్బాయి విషయంలో 27 అంగుళాలను నాలుగున్నర అంగుళాలకు తెచ్చాం. ఆరో వంతు. లెక్క ప్రకారం మాటకూ మగ్గానికీ మధ్య 15 డెసిబెల్‌ల పైచిలుకు ఎడం కొత్తగా వచ్చింది. ఇంత ఎడం ఇంకెంత డబ్బు పెట్టి మైకు మార్చినా రాదు. దీనికి అయిన ఖర్చు బల్ల అంచుకు బిగించే ఒక మడత చెయ్యి మాత్రమే. దాని చివర మైకును తగిలించి నోటి దగ్గరకు లాక్కోవచ్చు, పని కాగానే పక్కకు నెట్టేయొచ్చు.

దగ్గరకు తెస్తే రెండు కొత్త ఇబ్బందులు వస్తాయి. మొదటిది ఊపిరి దెబ్బ. ప, బ, ఫ, భ పలికినప్పుడు నోటి నుంచి గాలి దూసుకొచ్చి మైకును కొడుతుంది, 'బుఫ్'మని వినపడుతుంది. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని 'ఫలితం భేష్' అని చూడండి, ఆ గాలి ఎటు వెళ్తుందో తెలుస్తుంది. అది తిన్నగా ముందుకే వెళ్తుంది. అందుకని మైకును నోటికి ఎదురుగా కాకుండా పెదవి కొసకు పక్కగా, కొంచెం ఏటవాలుగా నోటివైపు తిప్పి పెట్టాలి. మాట అన్ని వైపులకూ పాకుతుంది కాబట్టి మైకుకు అందుతుంది, గాలి పక్కనుంచి పోతుంది. పైన స్పాంజి టోపీ తొడిగితే మిగిలింది కూడా తగ్గుతుంది.

రెండోది గొంతు బరువెక్కడం. ఒకవైపే వినే మైకులు చాలావరకు బాగా దగ్గరకొస్తే అడుగు స్వరాన్ని పెంచి చూపిస్తాయి. ఆకాశవాణిలో వినే ఆ నిండు గొంతు కొంతవరకు దీని వల్లే. మరీ దగ్గరైతే మాట ముద్దముద్దగా తయారవుతుంది. అరజానెడుకీ జానెడుకీ మధ్య ఎక్కడో ఒకచోట గొంతు హాయిగా కుదురుతుంది. నాలుగు చోట్ల రికార్డు చేసి విని, ఆ చోటు ఖాయం చేసుకోవాలి.

మైకుకు ముఖమూ వీపూ ఉంటాయి

వాడి మైకు నిలువుగా సీసాలా ఉంటుంది. వాడు దాని తలలోకి, పైనుంచి మాట్లాడుతున్నాడు. ఈ తరహా మైకుల్లో చాలావాటికి చెవి తలలో లేదు, పొట్టలో ఉంది. కంపెనీ గుర్తు ఉన్న వైపు ముఖం. మాట ఆ ముఖానికి తగలాలి. స్టేజి మీద పాటగాడు పట్టుకునే మైకు, ఉదాహరణకు షూర్ కంపెనీ 1966లో తెచ్చిన ఎస్ఎం58, దానికి తలే ముఖం. కొన్న మైకు ఏ తరహాదో పెట్టెలోని కాగితంలో ఉంటుంది. తెలియకపోతే ఒకే వాక్యాన్ని తలలోకి ఒకసారి, పొట్టలోకి ఒకసారి చెప్పి వినండి.

ఇంకో సంగతి. ఆ మైకు వెనక ఒక బిరడా ఉంది, దాని మీద రకరకాల బొమ్మలు. వాడిది గుండ్రటి సున్నా బొమ్మ మీద ఉంది. అంటే నాలుగు వైపులా సమానంగా వినమని చెప్పినట్టు. బల్ల చుట్టూ నలుగురు కూర్చుని మాట్లాడేటప్పుడు అది కావాలి. ఒక్కడే మాట్లాడేటప్పుడు గుండె ఆకారపు బొమ్మ మీదకు తిప్పాలి. దాన్నే కార్డియాయిడ్ అంటారు. అది ముఖంవైపు బాగా వింటుంది, పక్కలకు తక్కువ, సరిగ్గా వీపువైపు చాలా తక్కువ.

ఇక్కడే చాలామంది పొరపాటు పడేది. మగ్గం గది తలుపు మా అబ్బాయి వీపు వెనక ఉంది. మైకు ముఖం వాడివైపు చూస్తోందంటే, వాడి భుజం మీదుగా ఆ తలుపును కూడా చూస్తోందన్నమాట. చప్పుడుకు వీపు తిప్పి కూర్చుంటే మంచిదని మనకు అనిపిస్తుంది. వీపు తిప్పాల్సింది మనం కాదు, మైకు. బల్లను రెండో వైపుకు తిప్పాం. ఇప్పుడు వాడు తలుపుకు ఎదురుగా కూర్చుంటాడు, మైకు వీపు తలుపుకు ఉంటుంది.

దీనికీ హద్దు ఉంది. తలుపు దగ్గరి నుంచి నేరుగా వచ్చే చప్పుడునే మైకు వీపు అడ్డుకుంటుంది. అది గోడలకు తగిలి తిరిగి వాడి వెనకనుంచి వస్తే ముఖంలోకే వస్తుంది. అందుకే గదిని కూడా కొంచెం చూసుకోవాలి.

బొంతలు పనిచేస్తాయి, గుడ్ల అట్టలు పనిచెయ్యవు

గది విషయంలో రెండు పనులను కలిపేయకూడదు. బయటి చప్పుడు లోపలికి రాకుండా ఆపడం ఒకటి, లోపలి మాట గోడలకు కొట్టుకోకుండా చూడటం ఇంకొకటి. మెత్తటివి రెండోదానికే పనికొస్తాయి. మొదటిదానికి బరువు కావాలి, సందులు మూయాలి. గోడకు స్పాంజి పలకలు అంటించి మగ్గం చప్పుడు ఆగలేదని బాధపడేవాళ్ళు చాలామంది. ఆగదు. కోడిగుడ్ల అట్టలైతే రెండు పనులూ సరిగ్గా చెయ్యవు, పైగా నిప్పుకు భయం.

మగ్గం గది తలుపు కింద వేలు దూరేంత సందు ఉంది. అంత సందులోంచి చప్పుడు నీళ్ళలా వచ్చేస్తుంది. పాత తువ్వాలును చుట్టగా చుట్టి తలుపు అడుక్కి నొక్కాం. పైన వెంటిలేటరు రంధ్రానికి మందమైన అట్ట కోసి బిగించాం. మగ్గం చప్పుడులోని కరకు తగ్గింది, దుబ్‌మనే బరువు మాత్రం మిగిలింది. అది నేలలోంచి వస్తోంది. గుంట మగ్గం స్తంభాలు నేలలో పాతి ఉంటాయి. ఆ దెబ్బ నేలలోంచి గోడకు, గోడను ఆనుకున్న బల్లకు, బల్ల నుంచి మైకుకు చేరుతోంది. బల్లను గోడ నుంచి నాలుగు వేళ్ళ ఎడంగా జరిపాం. బల్ల కాళ్ళ కింద పాత రబ్బరు చెప్పుల ముక్కలు పెట్టాం. మడత చెయ్యి బిగించే చోట తువ్వాలు మడత వేశాం. ఆ బరువు చాలావరకు పోయింది.

ఇక గోడల తోక. వదినకు పాత చీరలతో కుట్టిన బొంతలు నాలుగు ఉన్నాయి. పల్చటి చీరో దుప్పటో గోడకు కడితే సన్నటి స్వరాలే కొంచెం తగ్గుతాయి, మాట బోలుతనం పోదు. బొంతకు పొరలు చాలా ఉంటాయి కాబట్టి అది నిజంగా మాటను పీల్చుకుంటుంది. దాన్ని గోడకు అంటించినట్టు కాకుండా నాలుగు అంగుళాల ఎడంగా తాడు మీద వేలాడదీస్తే ఇంకా కింది స్వరాల దాకా పనిచేస్తుంది. ఎక్కడ కట్టాలన్నదే అసలు ప్రశ్న. చాలామంది తమకు ఎదురుగా ఉన్న గోడకు కడతారు. మైకు చూసేది మనల్నీ, మన వెనక గోడనూ. మొదటి బొంత మన వీపు వెనక, రెండోది పక్కగోడకు. మా అబ్బాయికి ఆ రెండే సరిపోయాయి. మూడో మూల వదిన చీరల బీరువా తలుపులు తెరిచి పెట్టాం. మడతలు పెట్టిన నూలు చీరల దొంతర కూడా చప్పుడును బాగా పీల్చుకుంటుంది. మళ్ళీ చప్పట్టు కొడితే తోక తెగిపోయింది.

ఫ్యాను ఆపమని మన ఊళ్ళ ఎండల్లో ఎవరికీ చెప్పలేను. దాని గాలి నేరుగా మైకుకు తగలకుండా చూస్తే సగం గోల తగ్గుతుంది. సీలింగ్ ఫ్యాను సరిగ్గా నెత్తిన ఉంటే బల్లను పక్కకు జరపండి, స్పీడు ఒక గీత తగ్గించండి. టేబుల్ ఫ్యాను అయితే కాళ్ళవైపు పెట్టుకోండి.

యూఎస్‌బీనా, అనలాగా?

మైకు ఏదైనా మొదట పుట్టేది సన్నటి కరెంటు అలే. అది అంకెలుగా ఎక్కడ మారుతుందన్నదే తేడా. యూఎస్‌బీ మైకులో ఆ మార్పు మైకు పొట్టలోనే అయిపోతుంది. వైర్లో నడిచేవి అంకెలే కాబట్టి దారిలో గుయ్ అంటుకోవడం తక్కువ. అనలాగ్ మైకులో ఆ సన్నటి అల వైరంతా ప్రయాణించి కంప్యూటర్‌కో ఫోన్‌కో చేరాకే అంకెలవుతుంది. దారిలో ఏది తగిలినా దాంతో కలిసిపోతుంది.

ఒక మనిషి, ఒక కంప్యూటర్, ఒకే కుర్చీ. ఇదే మీ పని అయితే యూఎస్‌బీ చాలు. లాప్‌టాప్ పక్కన ఉండే చిన్న గుండ్రటి రంధ్రంలో అనలాగ్ మైకు పెడితే సుయ్‌మనే జల్లు వినపడటం మామూలే, ఎందుకంటే దాని లోపలి పరికరం చవకది. యూఎస్‌బీ మైకు ఆ పరికరాన్ని దాటేస్తుంది. మైకుకే హెడ్‌ఫోన్ రంధ్రం ఉన్నది చూసి కొనండి. మీ గొంతు మీకు ఆలస్యం లేకుండా వినపడుతుంది, మగ్గం ఎంత దూరుతోందో మాట్లాడుతూనే తెలుస్తుంది.

ఇద్దరు పక్కపక్కన కూర్చుని మాట్లాడాలంటే యూఎస్‌బీ కష్టం. ఒకే కంప్యూటర్‌కు రెండు యూఎస్‌బీ మైకులు పెట్టి రెండింటినీ ఒకేసారి నడపడం తలనొప్పి. అప్పుడు ఎక్స్‌ఎల్‌ఆర్ అనే మూడు పుల్లల అనలాగ్ మైకులు రెండూ, వాటిని కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే డబ్బా ఒకటీ కొనాలి. ఆ వైర్లో మాట రెండు తీగల మీద ఎదురెదురుగా నడుస్తుంది, దారిలో అంటుకున్న గుయ్ చివర్లో కొట్టేసుకుపోతుంది. అందుకే పెళ్ళిళ్ళలోనూ బుర్రకథల్లోనూ అంత పొడుగు వైర్లు లాగినా మాట శుభ్రంగా ఉంటుంది. ఇప్పుడు ఒక్కరే అయినా ముందుముందు ఇద్దరు కావచ్చు అనుకుంటే రెండు రంధ్రాలూ ఉన్న మైకులు దొరుకుతాయి. శాంసన్ క్యూ2యూ, ఆడియో టెక్నికా ఏటీఆర్2100ఎక్స్ ఆ తరహావి. ఇవాళ యూఎస్‌బీగా వాడుకుని రేపు డబ్బాకు కలుపుకోవచ్చు.

ఈ రెండూ డైనమిక్ మైకులు. కండెన్సర్ గది గోలంతా లాగేస్తుంది, డైనమిక్ లాగదు అని చాలామంది చెబుతారు. అందులో సగమే నిజం. ఒకే దూరంలో, ఒకే ఆకారంలో వినే రెండు మైకులను పెట్టి మాటను ఒకే స్థాయికి తెస్తే, వెనక మగ్గం రెండింట్లోనూ దాదాపు ఒకటే. డైనమిక్ మైకు మొద్దుగా ఉంటుంది కాబట్టి మనల్ని దగ్గరకు రప్పిస్తుంది, ఆ దగ్గరతనమే మేలు చేస్తుంది. కొత్తగా కొనేవాళ్ళు చప్పుడు ఇళ్ళల్లో డైనమిక్ కొనడం మంచిదే. ఉన్న కండెన్సర్‌ను అవతల పారేయాల్సిన పని లేదు. మా అబ్బాయి పాత మైకుతోనే పని చేసుకుంటున్నాడు.

బ్లూటూత్ చెవి మైకుల గురించి ఒక మాట. పాటలు బాగా వినపడతాయి కదా అని వాటితో ఉద్యోగం చెయ్యబోతారు. మైకు తెరుచుకోగానే చాలా బ్లూటూత్ హెడ్‌సెట్లు ఫోన్ కాల్ పద్ధతిలోకి మారిపోతాయి. వినేదీ పలికేదీ రెండూ పల్చబడతాయి. అంతకంటే నోటి ముందుకు చిన్న కడ్డీ ఉన్న వైరు హెడ్‌సెట్ నయం. అది నోటికి రెండు వేళ్ళ దూరంలోనే ఉంటుంది కదా.

వదినకు అనలాగే సరి

వదిన పని వేరు. ఆమె చాప మీద కూర్చుని ముందుకు వంగి చీర విప్పుతుంది, కొంగు చూపిస్తుంది, పక్కకు తిరిగి ఇంకోటి తీస్తుంది. బల్ల మీది మైకు అయినా చెయ్యికి తగిలించిన మైకు అయినా ఆమెతో కదలదు, చీరకూ కెమెరాకూ అడ్డం కూడా. ఆమెకు కావలసింది ఒంటి మీద ఉండే మైకు. వెయ్యి రూపాయల లోపు దొరికే వైరు కాలర్ మైకు తెప్పించాం. అది నాలుగు వైపులా వినే రకం, అయినా గడ్డం కింద జానెడులోపే ఉంటుంది కాబట్టి దూరం లెక్క ఆమె పక్షానే ఉంది. ఆమె ఎటు తిరిగినా ఆ దూరం మారదు.

మొదటి రోజు పెట్టుకుంటే 'టిక్ టిక్'మని ఒకటే గోల. నల్లపూసల గొలుసు మైకుకు తగులుతోంది. గంజి పెట్టిన కొంగు అంచు రాసుకుని బరబరమంటోంది. మైకును జాకెట్ మెడ అంచుకు, కొంగు లేని వైపు జరిపాం. గొలుసును లోపలికి వేసుకుంది. మైకు కింద వైరును చిన్న చుట్ట చుట్టి పిన్నీసుతో గుచ్చాం. వైరు ఎక్కడ లాగినా ఆ లాగుడు చుట్ట దగ్గరే ఆగుతుంది.

తరవాత కొత్త ఫోన్‌కు పెడితే అసలు మైకు పనే చెయ్యలేదు. రికార్డు అవుతోంది కానీ ఫోన్ సొంత మైకులోంచి. పెట్టె మీద టకటక వేలితో కొట్టినట్టు కాలర్ మైకును గోకితే తెలుస్తుంది. గోకిన చప్పుడు పెద్దగా రాకపోతే ఫోన్ దాన్ని పట్టించుకోవట్లేదు. కారణం పిన్ను. పిన్ను మీద నల్లటి గీతలు లెక్కపెట్టండి. మూడు గీతలుంటే ఫోన్ పిన్ను, రెండే ఉంటే కెమెరా పిన్ను. ఫోన్‌కు మూడు గీతలదే కావాలి. వదిన మైకుకు మూడు గీతలే ఉన్నాయి, కానీ ఆమె కొత్త ఫోన్‌కు గుండ్రటి రంధ్రమే లేదు. ఆమె వాడిన చిన్న మార్పిడి ముక్క పాటలు వినడానికే పనికొచ్చేది, మైకుకు కాదు. మైకుకూ పనిచేస్తుందని రాసి ఉన్నది తెచ్చాక పట్టింది. కొన్న రోజే, ఏ యాప్‌లో లైవ్ పెడతారో అందులోనే గోకి చూడండి. రికార్డింగ్ యాప్‌లో పనిచేసినంత మాత్రాన లైవ్ యాప్‌లో పనిచేస్తుందని నమ్మకం లేదు.

ఆఖరున గుయ్. లైవ్ పొడుగవుతుందని వదిన చార్జరు పెట్టింది, వెంటనే మొదలైంది. చార్జరు తీస్తే పోయింది. అనలాగ్‌లో ఇది మామూలు రోగం. రెండు పుల్లల చవక చార్జర్లలో మరీ ఎక్కువ. ముందే నిండా చార్జి చేసుకుని, లైవ్‌లో చార్జరు తీసేయడం అన్నిటికన్నా తేలిక. లాప్‌టాప్ అయితే మూడు పుల్లల చార్జరును, నిజంగా ఎర్త్ ఉన్న ప్లగ్గులో పెట్టండి. కరెంటు పోయి ఇన్వర్టరు మీదకు వెళ్ళినప్పుడు కూడా ఇలాంటిదే జరుగుతుంది. చవక ఇన్వర్టరు ఇచ్చే కరెంటు మెట్లుమెట్లుగా ఉంటుంది. దాని మీద ఫ్యాను కూడా గుర్రుమంటుంది. ఆ పూట బ్యాటరీ మీద నడపడమే మేలు.

చివరిగా కంప్యూటర్ లోపల

ఇవన్నీ అయ్యాకే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్ళాం. మొదట ఆపాల్సింది మైకు బలాన్ని దానంతట అదే పెంచే ఏర్పాటు. జూమ్‌లో అది `Automatically adjust microphone volume` అని కనపడుతుంది. మనం ఊపిరి పీల్చుకుని ఆగిన క్షణంలో 'మాట తగ్గింది' అనుకుని అది బలం పెంచుతుంది, ఆ సందులో మగ్గం పైకి లేస్తుంది. దాన్ని ఆపి, మామూలుగా మాట్లాడుతూ చేత్తో బలం పెట్టుకోవాలి. ఓబీఎస్‌లో అయితే మాట పసుపు రంగులో ఆడాలి, అంటే -20కీ -9కీ మధ్య. ఎరుపులోకి అప్పుడప్పుడు మాత్రమే తాకాలి.

చప్పుడు తగ్గించే `Noise Suppression` ఫ్యాను లాంటి ఎడతెగని గోలకు చక్కగా పనిచేస్తుంది. మగ్గం దెబ్బ ఆగి ఆగి వస్తుంది కాబట్టి దాన్ని పూర్తిగా పట్టుకోలేదు. గట్టిగా పెడితే మాట చివర్లను కూడా కొరికేస్తుంది. `Noise Gate` అంటే ఒక తలుపు. ఓబీఎస్‌లో అది మొదట -26 దగ్గర తెరుచుకుని -32 దగ్గర మూసుకునేలా ఉంటుంది. బల్ల తిప్పకముందు వాడి రికార్డింగ్‌లో మగ్గం దెబ్బ -26 కంటే పైకే లేచేది, అంటే తలుపును మగ్గమే తెరిచేది. దూరం తగ్గించి, బలం తగ్గించాక దెబ్బ -40 దాపుకు దిగింది. ఇప్పుడు తలుపు మాటకే తెరుచుకుంటుంది. మైకు దగ్గరకు రాకముందే ఈ తలుపు పెట్టి ఉంటే, ప్రతి దెబ్బకూ తెరుచుకుంటూ మూసుకుంటూ అసలు గోల కంటే ఎక్కువ చికాకు పెట్టేది. మాట్లాడుతున్నప్పుడు మాత్రం తలుపు తెరిచే ఉంటుంది, మగ్గమూ దాంతోపాటే వస్తుంది. అందుకే ఇది ఆఖరి మెట్టు.

వదిన ఫోన్‌లో కూడా ఆ చప్పుడు తగ్గించే ఏర్పాటు పెట్టబోయాను. ఆమె వద్దంది. "మొత్తం తీసెయ్యకు. మగ్గం కొంచెం వినపడాలి. ఎక్కడిదమ్మా చీర అని అడుగుతారు, ఆ చప్పుడు విని ఊరుకుంటారు."

ఆ మాటతో నాకు పని పూర్తయిందనిపించింది. ఆమె లైవ్ రికార్డింగ్ హెడ్‌ఫోన్‌లో విన్నాను. ముందు ఆమె గొంతు, స్పష్టంగా, ధర చెబుతోంది. చాలా వెనక, ఇంటి అవతలి కొసన ఉన్నట్టు, అన్నయ్య మగ్గం. ఏది ముందో ఏది వెనకో వినేవాళ్ళకు తేలిపోతోంది.